ఊగేది కుడి చివర, వదులు ఎడమ చక్రంలో: ఒక గ్యాంట్రీ సర్దుబాటు కేసు

గుంటూరులో నేమ్‌ప్లేట్లు, షీల్డులు చేసే ఒక కుర్రాడు తన త్రీడీ ప్రింటర్‌ను ఆటోలో వేసుకుని విజయవాడలో నా బల్ల దగ్గరికి తెచ్చాడు. ఎండర్ 3 నమూనాలో ఉండే మామూలు యంత్రమే అది. అల్యూమినియం ప్రొఫైళ్ల మీద ప్లాస్టిక్ వీ-వీల్స్ దొర్లుతాయి, నాజిల్‌ను మోసే అడ్డదూలాన్ని, అంటే గ్యాంట్రీని, పైకెత్తడానికి ఎడమ వైపు ఒక్కటే లీడ్ స్క్రూ, కుడి వైపు మోటారు లేదు. రెండున్నరేళ్లుగా రోజూ నడుస్తోంది.

"అన్నా, ఎక్సెంట్రిక్ నట్లన్నీ నేనే బిగించాను. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత ముందుకన్నా ఘోరంగా తయారైంది" అన్నాడు.

చక్రాల బిగుతును సర్దే నట్లవి. ఈ మాట నాకు ఉపయోగపడింది. బిగించిన వెంటనే బాగుపడి, కొన్నాళ్లకే ముందుకన్నా చెడిపోయిందంటే, వదులుగా ఉన్న చోటు వదులుగానే మిగిలిపోయి వేరే చోట బిగింపు పడి ఉండవచ్చు. అతను చెప్పిన తిప్పలు మూడు. ఎత్తైన వస్తువులు ప్రింట్ చేస్తే పక్క గోడల మీద అడ్డగీతలు పడుతున్నాయి. మొదటి లేయర్ ఏ రోజుకారోజు మారిపోతోంది కాబట్టి పొద్దున్నే బెడ్ లెవెల్ చేయకుండా పని మొదలుకావడం లేదు. బెడ్ ముందుకూ వెనక్కూ పోతుంటే "దబ్... దబ్..." అని చప్పుడొస్తోంది.

విప్పడానికి ముందు ఒక పరీక్ష ప్రింట్ వేయించాను. ఇరవై మిల్లీమీటర్ల చదరపు స్తంభాలు రెండు, ఒక్కొక్కటి వంద మిల్లీమీటర్ల ఎత్తు. ఒకటి బెడ్‌కు ఎడమ అంచున, ఇంకొకటి కుడి అంచున, రెండూ ఒకే ప్రింట్‌లో. ఎడమ స్తంభం నున్నగా వచ్చింది. కుడి స్తంభం మీద ఒక పద్ధతంటూ లేకుండా, ఒకచోట దగ్గరగా, ఇంకొకచోట దూరంగా గీతలు పడ్డాయి.

ఈ ఒక్క ప్రింట్ చాలా అనుమానాలను కొట్టేసింది. ఎక్స్‌ట్రూడర్ లోపమైతే రెండు స్తంభాల మీదా కనబడాలి. లీడ్ స్క్రూ వంకరైతే గీతలు ఒకే ఎడంతో రావాలి, పైగా స్క్రూ ఉన్న ఎడమ వైపే ఎక్కువగా రావాలి. ఇక్కడ మోటారు లేని వైపు మాత్రమే చెడింది. అంటే ఎడమ వైపు చెప్పినంత ఎత్తు ఎక్కుతోంది, కుడి వైపు కాసేపు ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతోంది.

అది ఎంతో కొలవాలి. ముందు ఈ కమాండ్లతో గ్యాంట్రీని పైకి తెచ్చి మోటార్లను వదిలించాను.

```
G28
G1 Z60 F300
M84
```

M84 ఇచ్చాక గ్యాంట్రీ తన బరువుకే కాస్త కిందికి జారొచ్చు, అందుకే నాజిల్ కింద చాలినంత ఖాళీ ఉంచుకోవాలి. ఇక లీడ్ స్క్రూను కప్లింగ్ దగ్గర చేత్తో తిప్పొచ్చు. ఈ రకం స్క్రూ ఒక పూర్తి చుట్టు తిరిగితే గ్యాంట్రీ 8 మి.మీ. కదులుతుంది. రెండు చుట్లు పైకి తిప్పి ఆపి, అడ్డదూలం అడుగు నుంచి కింది ఫ్రేమ్ దాకా ఎడమ చివరా కుడి చివరా క్యాలిపర్‌తో కొలిచాను. కుడి వైపు 1.1 మి.మీ. తక్కువుంది. ఇంకా పైకి తిప్పి, ఆ తర్వాత కిందికి తిప్పుతూ వచ్చి, ఎడమ వైపు మొదటి కొలతకే చేరగానే ఆపి మళ్లీ చూశాను. ఈసారి కుడి వైపు 0.6 మి.మీ. ఎక్కువుంది.

ఎడమ చివర ఒకే ఎత్తులో ఉన్నా, వచ్చిన దారిని బట్టి కుడి చివర 1.7 మి.మీ. అటూ ఇటూ అవుతోందన్నమాట. మొదటి లేయర్ రోజుకో రకంగా ఎందుకుందో ఇక్కడే తేలింది. యంత్రం తన సున్నా స్థానం వెతుక్కునే హోమింగ్‌లో నాజిల్ పైనుంచి దిగుతుంది కాబట్టి కుడి చివర ఎత్తులో వేలాడుతూ ఆగుతుంది. ప్రింట్ సాగుతుంటే గ్యాంట్రీ పైకి ఎక్కాలి, అప్పుడు కుడి చివర కిందే ఉండిపోతుంది. కాగితం పెట్టి లెవెల్ చేసేటప్పుడు అతను ఒక రోజు పైనుంచి దిగుతూ ఆపేవాడు, మరో రోజు కాస్త పైకి తిప్పుతూ ఆపేవాడు. బెడ్ స్క్రూల తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత తేడా కుడి చక్రాల బిగుతు వల్లేనా?

కాదు. ఈ కేసు రాయాలనుకున్నదే దీనికోసం. అడ్డదూలం ఎడమ చివరనున్న చక్రాల పలకకు బోల్టులతో గట్టిగా కట్టి ఉంటుంది. ఎడమ పలక తన నిలువు ప్రొఫైల్‌ను సరిగా పట్టుకుని ఉంటే, కుడి చక్రాలు ఎంత పట్టేసినా దూలం ఇంతగా ఒరగలేదు. మోటారు స్టెప్పులు తప్పుతుంది, లేదా మొరాయిస్తుంది, అంతే. కుడి చివర 1.7 మి.మీ. ఆడుతోందంటే ఎడమ పలక తిరగడానికి చోటుందని అర్థం. కుడి వైపు బిగుతు దాన్ని వెనక్కి లాగుతోంది, ఎడమ వైపు వదులు ఆ లాగుడుకు లొంగుతోంది. రెండూ కలిస్తేనే ఈ జబ్బు.

ఆ వదులు ఎంతుండాలో లెక్క కట్టాను. ఈ యంత్రంలో ప్రతి పలకకూ మూడు చక్రాలున్నాయి. ప్రొఫైల్‌కు ఒక వైపు రెండు, ఒకదాని కింద ఒకటి, 60 మి.మీ. ఎడంలో. రెండో వైపు ఒకే చక్రం, ఆ రెండింటికీ నడిమధ్య ఎత్తులో. ఎక్సెంట్రిక్ నట్ ఉన్నది ఆ ఒంటి చక్రానికే. పలక ఒరిగితే జంట చక్రాల్లో ఒకటి ప్రొఫైల్‌ను ఆనుకుని ఇరుసులా పనిచేస్తుంది, ఒంటి చక్రం దానికి 30 మి.మీ. దూరంలో ఎదుటి వైపు ఆనుకుంటుంది. కుడి చివర ఎడమ పలక నుంచి 350 మి.మీ. దూరంలో ఉంది. అంటే ఒంటి చక్రం దగ్గరున్న ఖాళీ కుడి చివరకు చేరేసరికి దాదాపు పన్నెండింతలు అవుతుంది. పైకి ఒకసారి, కిందికి ఒకసారి ఒరుగుతుంది కాబట్టి మొత్తం ఇరవై మూడు, ఇరవై నాలుగింతలు. 1.7 ని అలా భాగిస్తే వచ్చేది 0.07 మి.మీ.

మామూలు ప్రింటింగ్ కాగితం మందం కూడా లేని ఖాళీ అది. చక్రం దగ్గర కంటికి కనబడదు, పలకను పట్టుకుని ఊపినా చేతికి తెలిసీ తెలియనట్టుంటుంది. కుడి చివర మాత్రం బాహాటంగా ఊగుతుంది. మా కుర్రాడు సరిగ్గా అక్కడే పొరపడ్డాడు. కుడి చివర పట్టుకుని ఎత్తి చూశాడు, అది ఆడింది, కనుక కుడి నట్టును బిగించాడు. బిగించగానే ఊగడం ఆగిపోయినట్టనిపించింది, ఎందుకంటే కుడి చక్రాలు ప్రొఫైల్‌ను కరుచుకుని దూలాన్ని అక్కడే నిలబెట్టేశాయి. రెండు వారాలు నడిచింది అందుకే. తర్వాత ఎడమ వైపు వదులు ఇంకాస్త పెరిగి, కుడి వైపు రాపిడీ పెరిగేసరికి పాత జబ్బు కొత్త రూపంలో తిరిగొచ్చింది. కుడి చివర ఊగితే ముందు చేయి పెట్టాల్సింది ఎడమ నట్టు మీద.

నట్టు తిప్పే ముందు దాని స్వభావం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని మామూలు నట్టులాగే తిప్పుతారు. ఎక్సెంట్రిక్ నట్ ఎంత తిప్పితే అంత బిగిసే రకం కాదు. దానిలో బోల్టు దూరే రంధ్రం నడిమధ్యలో ఉండదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. నట్టు తిరిగితే బోల్టు, దాంతో పాటు చక్రం, ప్రొఫైల్ వైపుకు జరిగి మళ్లీ దూరమవుతుంది. సగం చుట్టులో పూర్తి వదులు నుంచి పూర్తి బిగుతుకు, మిగతా సగంలో మళ్లీ పూర్తి వదులుకు వస్తుంది. గింగిరాలు తిప్పుతూ పోతే బిగుతు వచ్చి పోతూనే ఉంటుంది.

పైగా ఈ జరుగుడు తిప్పిన కొలదీ సమానంగా ఉండదు. రంధ్రం 0.8 మి.మీ. పక్కకున్న నట్టు అనుకుందాం. పూర్తి వదులు స్థానం నుంచి పది డిగ్రీలు తిప్పితే చక్రం జరిగేది 0.01 మి.మీ. మాత్రమే. అదే నట్టును పావు చుట్టు దాటిన చోట ఇంకో పది డిగ్రీలు తిప్పితే చక్రం 0.14 మి.మీ. దాకా జరుగుతుంది. మనకు కావలసింది 0.07 అని ఇందాక తేలింది. మధ్యలో ఉన్న నట్టుకు ఐదు డిగ్రీలు చాలు, అంటే స్పానర్ చివర వేలి మందం కదిలినట్టు కూడా ఉండదు. "కాస్త బిగించాను" అనుకుని పావు చుట్టు తిప్పేసేవాళ్ల చక్రాలు అరిగిపోవడంలో వింతేముంది!

కొన్ని నట్ల మీద రంధ్రం ఎటు జరిగి ఉందో చూపే చిన్న గుంట ఉంటుంది. లేకపోతే నేను మార్కర్‌తో చుక్క పెడతాను. ఆ చుక్కను చూస్తే నట్టు ఏ స్థితిలో ఉందో, ఇంకా ఎంత జరిగే వీలుందో తెలుస్తుంది. చక్రం ప్రొఫైల్‌కు అతి దగ్గరగా వచ్చే స్థానానికి నట్టు చేరాక కూడా వదులుగానే ఉంటే నట్టుతో పని అయిపోయినట్టే, చక్రం అరిగింది కాబట్టి మార్చాలి.

చక్రం సరిగ్గా బిగిసిందో లేదో చూడటానికి నేను వాడేది వేలి పరీక్ష ఒక్కటే. చక్రాలున్న పలకను ఒక చేత్తో కదలకుండా పట్టుకోవాలి. ఇంకో చేతి బొటనవేలితో చక్రాన్ని తిప్పాలి. చక్రం ఏ ఆటంకం లేకుండా గిర్రున తిరిగితే అది ప్రొఫైల్‌ను తాకడం లేదు. వేలితో ఎంత నొక్కినా తిరగకుండా పలకనే లాక్కుపోవాలని చూస్తే బిగుతు ఎక్కువైంది. ప్రొఫైల్ మీద జారుతూ, మెత్తటి అడ్డుతో తిరగాలి. జంట చక్రాలనూ ఇలాగే చూడాలి. ఒంటి చక్రం సరిగ్గా అనిపించి, జంటలో ఒకటి మాత్రం స్వేచ్ఛగా తిరుగుతుంటే, పలకనో దూలాన్నో ఏదో పక్కకు లాగుతోందని అర్థం. అప్పుడు నట్టును ఇంకా బిగించడం తప్పు.

ఎడమ పలక దగ్గర వేలి పరీక్ష చేస్తే జంటలోని కింది చక్రం గిర్రున తిరిగింది. దూలం కుడి చివరను కిందికి నొక్కి పట్టుకుంటే కింది చక్రం పట్టుకుని పైది వదులైంది. లెక్కలో తేలింది వేలికి తెలిసింది.

వరుస ముఖ్యం. ముందు కుడి నట్టును పూర్తి వదులుకు తిప్పాను. అది బిగుతుగా ఉండగా ఎడమ వైపు ఏం చేసినా కుడి వైపు మోసం చేస్తుంది. అప్పుడు కుడి చివర బాగా ఊగింది. అది చూసి కుర్రాడు కంగారు పడ్డాడు కానీ ఊగాల్సిందే, మనకు కనబడాల్సిన వదులు అదే. ఆ తర్వాత ఎడమ ఒంటి చక్రం బోల్టును పావు చుట్టు వదులు చేసి, సన్న స్పానర్‌తో నట్టును కొద్దికొద్దిగా బిగుతు వైపు తిప్పుతూ, ప్రతిసారీ కుడి చివరను రెండు వేళ్లతో ఎత్తి దించి చూశాను. ఊగడం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగింది. ఊగడం ఆగిన ఆ చోటే సరైన చోటు. ఇంకా తిప్పితే వచ్చేది రాపిడి మాత్రమే. స్పానర్‌ను కదలనీయకుండా పట్టుకుని బోల్టు బిగించాను, బిగించాక మళ్లీ వేలి పరీక్ష చేశాను. బోల్టు బిగించేటప్పుడు నట్టు దానితో పాటు ఒక రవ్వ తిరుగుతుంది, ఆ రవ్వే పావు గంట పనిని పాడుచేస్తుంది.

ఎప్పుడూ వదులు వైపు నుంచి బిగుతు వైపుకే వచ్చి ఆపాలి. ఎక్కువ బిగిసిందనిపిస్తే పూర్తిగా వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. బిగుతు నుంచి వెనక్కి వస్తూ ఆపితే రంధ్రంలో నట్టుకున్న సందు ఒక వైపే మిగిలిపోయి, నాలుగు ప్రింట్లు అయ్యేసరికి చక్రం దానంతటదే వదులవుతుంది.

కుడి నట్టు సంగతి వేరు. కుడి పలక బరువు మోయడానికి లేదు, దూలం చివర ముందుకూ వెనక్కూ పోకుండా దారి చూపడానికి ఉంది. అక్కడ చక్రం తాకితే చాలు, ఎడమ వైపు ఉన్నంత పట్టు అక్కర్లేదు. వేలితో తిప్పితే అడ్డు తగిలీ తగలనట్టుండేలా ఆపాను. రెండు వైపులా ఒకే బిగుతు ఉండాలని చాలామంది చెబుతారు. ఒకే స్క్రూ ఉన్న యంత్రానికి అది సరికాదని నా అభిప్రాయం. కుడి వైపు పడిన ప్రతి రవ్వ రాపిడినీ ఎడమ పలక 350 మి.మీ. చేతితో మోయాలి.

మళ్లీ అదే కొలత తీశాను. పైకి వెళ్తూ కుడి వైపు 0.1 తక్కువ, దిగుతూ 0.1 ఎక్కువ. 1.7 కాస్తా 0.2 అయింది. అంతటితో పని అయిపోయిందనుకునేవాణ్ణే కానీ, స్క్రూను తిప్పుతూ పైదాకా తీసుకెళ్తే సుమారు 180 మి.మీ. దాటాక చేతికి బరువెక్కింది. పైకి పోయేకొద్దీ ఇంకా పట్టేసింది.

ఒక ఎత్తులో తేలిగ్గా, మరో ఎత్తులో బిగుతుగా ఉందంటే అది నట్టు తప్పు కాదు. నట్టు బిగుతు గ్యాంట్రీతో పాటే ప్రయాణిస్తుంది, అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా ఉంటుంది. మారుతున్నది నిలువు ప్రొఫైళ్ల మధ్య దూరం. దూలం పొడవు మారదు, రెండు పలకలూ తమ తమ ప్రొఫైళ్లను రెండు వైపులా పట్టుకుని ఉంటాయి. పైన ప్రొఫైళ్లు దగ్గరకొచ్చినా దూరమైనా ఆ ఒత్తిడంతా చక్రాలే భరించాలి. ఇక్కడ చాలామంది కుడి నట్టును కాస్త వదులు చేసి పైన సాఫీగా నడిచేలా చేసుకుంటారు. అప్పుడు కింద వదులైపోతుంది. మొదటి లేయర్లు పడేది కిందనే కదా.

దీనికి గ్యాంట్రీనే కొలబద్దగా వాడొచ్చు. పై అడ్డపట్టీకి కుడి నిలువు ప్రొఫైల్‌ను బిగించే రెండు స్క్రూలను వదులు చేసి, గ్యాంట్రీని దాదాపు పైదాకా ఎక్కించాను. ఎక్కుతుంటే కుడి ప్రొఫైల్ తల కంటికి తెలిసేంత పక్కకు జరిగి, తన సరైన చోట కుదురుకుంది. గ్యాంట్రీని అక్కడే ఉంచి స్క్రూలు బిగించాను. యంత్రం మొదట జోడించినప్పుడు గ్యాంట్రీ కింద ఉండగానే పై పట్టీని బిగించేసి ఉంటారు. కిట్ జోడించేవాళ్లు తొందరలో చేసే పనే. ఆ తర్వాత కింది నుంచి పైదాకా స్క్రూ ఒకే బరువుతో తిరిగింది. పనిలో పనిగా లీడ్ స్క్రూ మీది ఇత్తడి నట్టు స్క్రూలను అర చుట్టు వదులు చేశాను. అది పలకను అటూ ఇటూ లాగకుండా తేలుతూ ఉంటుంది.

ఇక బెడ్. ఆ చప్పుడు ఎంత దూరానికి ఒకసారి వస్తోందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. బెల్టు విప్పి బెడ్‌ను మెల్లగా చేత్తో నడిపాను. బెల్టు తగిలించి ఉండగా చేత్తో వేగంగా లాగకూడదు, మోటారు జనరేటర్‌లా పనిచేసి కరెంటును బోర్డులోకి పంపుతుంది. సుమారు ఆరున్నర సెంటీమీటర్లకు ఒకసారి బెడ్ చిన్నగా ఎగిరి పడింది. ఈ చక్రం ప్రొఫైల్ మీద ఒక చుట్టు దొర్లే దూరం దాదాపు అంతే. చక్రానికి ఒకచోట చదును పడింది, చుట్టుకొకసారి ఆ చదును కింద పడుతోంది. చప్పుడు ఇలా చుట్టుకొకసారి కాకుండా ప్రతిసారీ బెడ్ ఒకే స్థానంలో ఉన్నప్పుడే వస్తే అది ప్రొఫైల్ మీది దెబ్బో, ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్కో అవుతుంది.

చదును ఎలా పడిందో కూడా అతని మాటల్లోనే తెలిసింది. బాగా బిగించాక పది రోజులు పెళ్లి పనులకు ఊరెళ్లాడట. బెడ్ కదలకుండా ఒకేచోట ఉండిపోయింది. బిగించిన ప్లాస్టిక్ చక్రం ఒకేచోట ఒత్తిడిలో ఉంటే మెల్లగా అణిగిపోతుంది. కాస్త చదును పడిన చక్రం కొన్ని రోజులు నడిస్తే సర్దుకుంటుందనే మాట ఉంది, చిన్న చదును విషయంలో అది నిజమే. గోటికి తగిలే చదునైతే ఆశ వదులుకోవాలి. ఇక్కడ నాలుగింటిలో మూడు గోటికి తగిలాయి. నాలుగూ మార్చేశాను, కొత్తదీ పాతదీ కలిపితే సర్దుబాటు కుదరదు.

కొత్త చక్రాలను ప్రొఫైల్ మీదికి ఎక్కించే ముందు పలకకు బిగించి, గాలిలోనే తిప్పి చూడాలి. ఒకటి తిరగలేదు. విప్పి చూస్తే రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన సన్న వాషర్ లేదు. అది లేకపోతే బోల్టు బిగించగానే బేరింగుల లోపలి రింగులు నలిగి చక్రం పట్టేస్తుంది. చూడకుండా ఎక్కించి ఉంటే ఆ బిగుతును ఎక్సెంట్రిక్ నట్ బిగుతు అనుకుని గంటలు తిప్పలు పడేవాణ్ణి.

బెడ్ కింద నాలుగు చక్రాలు, రెండు స్థిరమైనవి, రెండింటికి ఎక్సెంట్రిక్ నట్లు. మూడు చక్రాల పలక ఎప్పుడూ తనంతట తాను కుదురుకుంటుంది, నాలుగు చక్రాలది అలా కాదు, నాలుగు కాళ్ల పీటలాగ. రెండు నట్లనూ పూర్తిగా వదిలేసి, స్థిరమైన రెండు చక్రాలూ ప్రొఫైల్‌లో సరిగ్గా కూర్చునేలా బెడ్‌ను ఆ వైపుకు నెట్టి, ముందు నట్టును వేలి పరీక్ష దాకా తెచ్చాను. తర్వాత వెనక నట్టు. వెనకది బిగించగానే ముందుది మళ్లీ వదులైంది, ఎందుకంటే బెడ్ పలక కొంచెం తిరిగింది. మళ్లీ ముందుది, మళ్లీ వెనకది. మూడో విడతకు నాలుగు చక్రాలూ వేలికి ఒకేలా అనిపించాయి. ఒక విడతలో అయిపోయిందంటే నాకు నమ్మకం కలగదు.

ఈ యంత్రంలో బెడ్ నడిచే ప్రొఫైల్ వెడల్పు 20 మి.మీ. మాత్రమే, బెడ్ మాత్రం 235 మి.మీ. పట్టాల దగ్గరున్న వదులు బెడ్ అంచుకు చేరేసరికి పదింతలకు పైగా అవుతుంది. అందుకే బెడ్ నడిమధ్య చేయి పెట్టి ఊపితే ఏమీ తెలియదు. ఎదురెదురు మూలలు పట్టుకుని ఒకదాన్ని నొక్కుతూ ఇంకొకదాన్ని ఎత్తాలి. కింద లెవెలింగ్ స్ప్రింగులున్నాయి కదా, అవి కదిలినా ఊగినట్టే అనిపిస్తుంది. కాబట్టి పట్టుకోవాల్సింది పైనున్న గాజు పలకను కాదు, స్ప్రింగుల కిందుండే లోహపు పలకను. ఈ తేడా తెలియక స్ప్రింగుల మెత్తదనాన్ని చక్రాల వదులు అనుకుని బిగించుకుంటూ పోయినవాళ్లను చాలామందిని చూశాను.

బెల్టు లేకుండానే ప్రింటర్ ముందు భాగాన్ని చేత్తో కాస్త ఎత్తితే బెడ్ తన బరువుకే మెల్లగా, ఎక్కడా ఆగకుండా వెనక్కి దొర్లింది. పాత చక్రాలతో ఇదే చేస్తే మధ్యలో రెండుచోట్ల ఆగిపోయేది.

తర్వాత బెల్టు తగిలించి, బెడ్‌ను 60 డిగ్రీలకు వేడి చేసి అరగంట ఆగాను. చక్రాల ప్లాస్టిక్ అల్యూమినియం కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. బెడ్ వేడి కింద ఉన్న చక్రాలకు తగులుతూనే ఉంటుంది, వేసవిలో గదే నలభై డిగ్రీలుంటే మరీను. చల్లగా ఉన్నప్పుడు వేలికి సరిగ్గా అనిపించింది వేడెక్కాక ఒక రవ్వ బిగుసుకుంది, అయినా తిరుగుతోంది. తిరగకపోతే చల్లారాక ఒక రవ్వ వదులు చేసేవాణ్ణి. చల్లటి గదిలో పొద్దున్నే అతిగా బిగించి మధ్యాహ్నం ప్రింట్ చేసేవాళ్లకు ఈ తేడా ముఖ్యం.

దూలం మీద హాట్ ఎండ్‌ను మోసే క్యారేజ్ సంగతి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. మూడు చక్రాలే, ఒంటి చక్రం కొద్దిగా వదులైంది, స్పానర్ ఒక్క కదలికతో సరిపోయింది. హాట్ ఎండ్ కేబుళ్లు దాన్ని ఒక వైపుకు లాగుతుంటాయి కాబట్టి క్యారేజ్‌ను రెండు చివరలకూ నడిపి రెండు చోట్లా వేలి పరీక్ష చేశాను.

ప్రొఫైళ్ల గాడుల్లో పేరుకున్న నల్లటి పొడిని పొడి గుడ్డతో తుడిచాను. నూనె రాయలేదు. కుర్రాడు అడిగాడు కూడా, "గ్రీజు పెట్టొద్దా అన్నా?" అని. ఈ చక్రాలు దొర్లాలి, జారకూడదు. నూనె రాస్తే దుమ్ము అంటుకుని చక్రంలోకి ఇంకుతుంది. తుడిచిన గుడ్డను దాచిపెట్టమన్నాను. నెల తర్వాత మళ్లీ తుడిచి, పొడి ఏ గాడిలో ఎక్కువుందో చూస్తే ఏ చక్రం ఎక్కువ నలుగుతోందో తెలుస్తుంది.

మళ్లీ అవే రెండు స్తంభాలు ప్రింట్ చేశాం. కుడిదీ ఎడమదీ పక్కపక్కన పెట్టి, వేలితో రాసి చూస్తే ఏది ఏ వైపుదో చెప్పలేకపోయాం. అతను కింద పెన్నుతో రాసుకున్న గుర్తు చూసుకోవలసి వచ్చింది. మొదటి లేయర్ కోసం బెడ్ నాలుగు మూలలూ ఒకసారి సర్ది, గ్యాంట్రీని పైకెక్కించి దించి మళ్లీ కాగితంతో చూస్తే నాలుగు మూలలూ అలాగే ఉన్నాయి.

ఆరు వారాలకు మళ్లీ తెప్పించుకుని చూశాను. కొత్త చక్రాలు కొన్నాళ్లు నడిచాక కాస్త సర్దుకుంటాయి, ఆ సర్దుబాటు చూడాలని. కుడి చివర తేడా ఇంకా 0.2 దగ్గరే ఉంది, రోజూ లెవెల్ చేసే పని అతనికి తప్పింది. గుడ్డ మీద పొడి అన్ని గాడుల్లోనూ పల్చగా, ఒకేలా ఉంది. బెడ్ ముందు వైపు ఎక్సెంట్రిక్ చక్రం మాత్రం వేలికి స్వేచ్ఛగా తిరిగింది. దాని నట్టును చుక్క గుర్తు చూసుకుంటూ ఐదారు డిగ్రీలు తిప్పాను, వెనక చక్రాన్ని మళ్లీ ఒకసారి చూసి బోల్టు బిగించాను.